పెంకుల కింద తెల్ల గుడ్డ: ఆరేళ్ళ వాడకం తర్వాత

డిసెంబరు తెల్లవారుజామున, వాన లేకుండానే ఇంట్లో పడమటి వాలు కింద బొట్లు పడటం ఆగింది. పెంకుల కింద పరిచే తెల్ల గుడ్డకి, అంటే నీటిని ఆపి ఆవిరిని పోనిచ్చే బ్రీతబుల్ మెంబ్రేన్‌కి, ఇచ్చే మార్కుల్లో ముప్పాతిక దీనికే. గుంటూరులో బెంగుళూరు పెంకుల ఇల్లు, సీలింగు లేని హాలు. కొప్పుకి తూర్పు వాలు కింద పాత తారుఫెల్టు అలాగే ఉంది, పడమటి వాలు కింద మెంబ్రేన్ వేశాం. కింద గాలి ఒకటే కాబట్టి రెంటినీ పోల్చడం తేలిక.

పెంకులు వాననంతా ఆపలేవు. గాలివానలో సందుల్లోంచి లోపలికొచ్చే కాసిని నీళ్ళని పట్టి చూరు దాకా జార్చడమే కింది పొర పని. ఆ పని తారుఫెల్టూ చేస్తుంది, మెంబ్రేనూ చేస్తుంది. తేడా ఇంట్లోంచి పైకి లేచే ఆవిరి దగ్గర వస్తుంది.

వంట, స్నానాలు, మనుషుల ఊపిరి కలిసి రాత్రి హాల్లో గాలి 24 డిగ్రీలు, తేమ 75 శాతం ఉందనుకోండి. ఆ గాలి 19 డిగ్రీల చల్లటి వస్తువుని తాకితే చెమరుస్తుంది. మబ్బు లేని రాత్రి పెంకులు ఆకాశానికి వేడి వదిలేసి బయటి గాలికన్నా చల్లబడతాయి. వాటి కింద ఉన్న ఫెల్టూ చల్లబడుతుంది. తారులోంచి ఆవిరి పోయే దారి దాదాపు లేదు కాబట్టి అక్కడే నీరై, ముందు మేకుల మొనల దగ్గర బొట్టు కడుతుంది. మెంబ్రేన్‌లో మూడు పొరలుంటాయి, పనంతా మధ్య పొరదే. దాని రంధ్రాల్లోంచి ఆవిరి దూరిపోతుంది. నీటి బొట్టు మాత్రం దాని తలతన్యత వల్ల దూరలేదు. ప్యాకెట్ మీద ఎస్‌డి విలువ 0.02 మీటర్లని ఉంటే, ఆవిరికి అది రెండు సెంటీమీటర్ల గాలి పొర ఎంత అడ్డో అంతే అడ్డు. పైకెళ్ళిన ఆవిరిని మట్టి పెంకు కొంత పీల్చుకుని పొద్దున ఎండకి వదిలేస్తుంది, మిగతాది పెంకుల సందుల్లోంచి పోతుంది.

కారుతున్నది వానా, చెమ్మా అని తెలుసుకోవడం కష్టం కాదు. వాన లీకు వానలో, ఒకచోట పడుతుంది. చెమ్మ ఆకాశం తేటగా ఉన్న రోజు తెల్లవారుజామున, వాలంతా పరుచుకుని పడుతుంది.

అయితే మెంబ్రేన్ కింద చెమ్మ అసలు పట్టదని మొదట్లో అందరికీ చెప్పిన మాట కొంచెం వెనక్కి తీసుకోవాలి. ముసురు పట్టి, కిటికీలు మూసి, హాల్లో బట్టలు ఆరేసిన రోజుల్లో దానికీ చెమ్మ పట్టింది. బొట్టు కట్టలేదు, అంతే.

ఇక అసలు దెబ్బ. మూడో వానాకాలంలో పడమటి వాలు కారింది, అదీ గుడ్డ మధ్యలో కాదు, సరిగ్గా రెండు వాసాల పొడవునా. "తెల్ల గుడ్డ వేస్తే వాన ఆగుద్దా?" అని మొదట్నుంచీ అంటున్న మేస్త్రీ మాట నెగ్గినట్టే అనిపించింది. పెంకులు దించి చూస్తే చిరుగు లేదు, మేకు రంధ్రమూ లేదు. ఆ రెండూ మార్చిన వాసాలు. వాటికి చెదల మందు నీళ్ళలో కలిపి పూసి, తడి ఆరకుండానే గుడ్డ పరిచారు. నీళ్ళలో కలిసే మందులో సబ్బులాంటి పదార్థం ఉంటుంది. అది గుడ్డకి అంటితే అక్కడ నీటి తలతన్యత పడిపోయి, ఆవిరి కోసం పెట్టిన రంధ్రాల్లోకే నీరు దిగుతుంది. అక్కడి ముక్క ఒకటి, కొత్త ముక్క ఒకటి గ్లాసుల మీద పల్లంగా పరిచి నీళ్ళు పోసి రాత్రంతా ఉంచితే, మొదటి దాని కింద తడి, రెండో దాని కింద పొడి. మరమ్మతుకి పాడైన పట్టీ కోసేసి, కొత్త ముక్క పై అంచుని పైవరుస కిందికి 15 సెంటీమీటర్లు దూర్చాలి. మందు పూసిన కర్ర పూర్తిగా ఆరి, చేతికి జిడ్డు అంటనప్పుడే గుడ్డ పరవాలి. రంధ్రాలు లేకుండా, ఆవిరిని పదార్థంలోంచే పంపే మధ్య పొర ఉన్న రకం ఈ దెబ్బకి బాగా తట్టుకుంటుంది, కానీ ధర ఎక్కువ.

ఆ మరమ్మతులోనే ఇంకోటి సరిచేశాం. రీపర్లు నేరుగా గుడ్డ మీద అడ్డంగా కొడితే జారే నీళ్ళు ప్రతి రీపరు దగ్గరా ఆగుతాయి. ముందు వాసం పొడవునా 25 మిల్లీమీటర్ల పట్టీ కొట్టి, దాని మీద రీపర్లు కొడితే నీళ్ళు కిందినుంచి పోతాయి, గాలీ ఆడుతుంది.

తారుఫెల్టుకి మే నెల ఎండే శత్రువు. పెంకుల వేడికి మెత్తబడి వాసాల మధ్య సంచిలా వేలాడుతోంది, ఆ సంచిలో నీళ్ళు నిలుస్తున్నాయి. మెంబ్రేన్ వేలాడలేదు గానీ నేరుగా ఎండ పడితే పాడైపోతుంది, పరిచాక పెంకులు ఆలస్యం చేయకూడదు.

రాత్రంతా ఏసీ నడిచే గదికైతే ఇంత ధీమాగా చెప్పను. అక్కడ ఆవిరి ప్రయాణం తలకిందులు: బయటి ఉక్క గాలి చల్లటి సీలింగు వైపు వస్తుంది, మెంబ్రేన్ దాన్నీ ఆపకుండా లోపలికి పంపుతుంది, జిప్సం బోర్డు పైవైపు తడుస్తుంది. మా ఇంట్లో ఏసీ గది స్లాబు కింద ఉంది కాబట్టి ఆ బాధ లేదు. పెంకుల కిందే ఏసీ పెట్టాలనుకుంటే, వేడి ఆపడానికి సీలింగు మీద పరిచే థర్మోకోల్ పైవైపున ఆవిరి దూరని పొరే కావాలి, ఆ ఒక్కచోట ఆవిరిని ఆపే గుణం వల్ల మొగ్గు తారు వైపే.