బాలింతకు విశ్రాంతి కోసం వారాంతం: వికారాబాద్ రిసార్టులో మా అనుభవం

మా బాబుకు నాలుగో నెల వచ్చినప్పటి నుంచి ఏడాది నిండే వరకు, వీలు చిక్కినప్పుడల్లా శని, ఆదివారాలు వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల్లోని ఒకే రిసార్టుకు వెళ్లి వచ్చాం. మాతో మా అత్తగారు కూడా వచ్చేవారు. హైదరాబాద్ నుంచి చేవెళ్ల మీదుగా దాదాపు 80 కిలోమీటర్ల దూరమే కాబట్టి, బాబుకు పాలిచ్చి బయలుదేరితే మళ్లీ ఆకలేసే వేళకు గదిలో ఉండేవాళ్లం. అనంతపద్మనాభస్వామి గుడిని, కోట్‌పల్లి జలాశయాన్ని ముందే పక్కన పెట్టేశాం. పసిబిడ్డ తల్లిని చోటు నుంచి చోటుకు తిప్పితే, ఇంట్లో ఉన్న అలసటకు కారు అలసట తోడవుతుంది, అంతే.

నా దృష్టిలో ఈ రెండు రోజుల్లో అసలు సంగతి మసాజ్ కాదు, నిద్ర. అందుకే పెద్ద గది ఒకటి కాకుండా, పక్కపక్కనే ఉన్న మామూలు గదులు రెండు తీసుకునేవాళ్లం. ఖర్చు పెరుగుతుంది గానీ, నేను డబ్బు పెట్టినందుకు తృప్తిపడింది దీనికే. రాత్రి తొమ్మిదిన్నరకు నా భార్య బాబుకు పాలిచ్చి తన గదిలో పడుకుంటే, అర్ధరాత్రి బాబు లేచినప్పుడు ముందే పిండి దాచిన పాలు నేనో అత్తగారో పట్టేవాళ్లం. అయితే తెల్లవార్లూ పడుకోనివ్వడం మొదటి నెలల్లో కుదరదు. ఒక పూట పాలివ్వకపోతే రొమ్ములు గట్టిపడి సలుపుతాయి, రాత్రి రెండు గంటలకల్లా ఆ బరువుకే ఆమెకు మెలకువ వచ్చేది. అయినా నాలుగు గంటలకు పైగా ఏకధాటి నిద్ర ఆమెకు ఇంట్లో దొరకనిది.

దాచిన పాల విషయంలోనే ఒక చిక్కుంది. చాలా గదుల్లో కీ కార్డు తీసి బయటికి వెళ్లగానే చిన్న ఫ్రిజ్‌కు కూడా కరెంటు ఆగిపోతుంది. పిండిన పాలు ఫ్రిజ్ బయట, 25 డిగ్రీల లోపు ఉన్న గదిలో నాలుగు గంటల వరకే నిలుస్తాయి. మన ఎండల్లో తలుపులు మూసిన గది అంత చల్లగా ఉండదు. రిసెప్షన్‌లో అడిగి రెండో కార్డు తీసుకుని స్లాట్‌లోనే ఉంచేవాళ్లం. అది ఇవ్వనన్న రోజున వంటగది ఫ్రిజ్‌లో మూత గట్టిగా బిగించిన డబ్బా పెట్టించి, పేరు, వేళ రాసి అంటించాం.

మసాజ్‌కు వేళ నిర్ణయించాల్సింది స్పా వారు కాదు, బాబు ఆకలి. ఒక ఆదివారం నడిచిన తీరు చెబుతాను. పదకొండుకు పాలివ్వడం, పదకొండున్నర నుంచి గంటసేపు అభ్యంగనం, ఆ తర్వాత గోరువెచ్చని నీళ్ల స్నానం, ఒంటిగంటకు మళ్లీ పాలు. పాలిచ్చి వెళ్లడం వల్ల బల్ల మీద రొమ్ములు బరువుగా ఉండవు. అప్పుడు కూడా బోర్లా పడుకోవడం ఆమెకు బాధగా ఉండేది. పక్కకు తిరిగి పడుకుని, మోకాళ్ల మధ్య ఒక దిండు, పొట్ట దగ్గర మరొకటి పెట్టించుకునేది. అక్కడి థెరపిస్టు మొదట కాదన్నా, రెండోసారి ఆమే దిండ్లు సిద్ధం చేసింది. ఘాటైన సువాసన నూనెలు వద్దని, మామూలు నువ్వుల నూనె చాలని బుక్ చేసేటప్పుడే చెప్పాం. పాలిచ్చే ముందు ఛాతీ మీద నూనె కడుక్కునేది. ఆవిరి గదిలో ఒకసారి తల తిరిగినట్టయితే దాన్ని పూర్తిగా మానేశాం, పాలిచ్చే తల్లికి దాహం మామూలుగానే ఎక్కువ.

ఆ రిసార్టు మీద నాకున్న ఫిర్యాదు ఒకటే. లాన్‌లో పెళ్లి విందు ఉన్న సంగతి బుకింగ్ వేళ చెప్పలేదు, డీజే మోత రాత్రి చాలాసేపు ఆగలేదు. అప్పటి నుంచి ముందుగా అడిగే మొదటి ప్రశ్న గది అద్దె కాదు, ఆ రోజు ఫంక్షన్ ఉందా అని. పెళ్లి ముహూర్తాలు లేని ఆషాఢం ఇందుకు బాగా నప్పింది. రిసార్టు సగం ఖాళీ, కొండలు వానకు పచ్చగా ఉంటాయి, కిటికీ తెరిస్తే చాలు చల్లగాలి. దోమతెర మాత్రం ఇంటి నుంచే తీసుకెళ్లాలి.

మేము ఆగి నాలుగో నెలలో మొదలుపెట్టడానికి కారణం ఆమెకు సిజేరియన్ కావడం. ఆరు వారాల పరీక్ష తర్వాత కూడా డాక్టరును అడిగాకే మసాజ్‌కు ఒప్పుకున్నాం, కుట్ల చోట ఒత్తనివ్వలేదు. కాన్పు తర్వాతి వారాల్లో ఒక్క కాలే వాచి, పిక్కలో నొప్పిగా, వేడిగా ఉంటే అది రక్తం గడ్డకట్టడం వల్ల కావచ్చు కాబట్టి, అలాంటప్పుడు కాలు పట్టించకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలని ఆ డాక్టరు మాకు గట్టిగా చెప్పారు. దిగులు రెండు వారాలు దాటినా తగ్గని తల్లిని కూడా రిసార్టుకు కాదు, ముందు డాక్టరు దగ్గరికే తీసుకెళ్లాలి.