ఎనిమిది వారాల కాగితం చూసి మోసపోయాం: ఇంటికి గదులు కలుపుకునేవాళ్లు జాగ్రత్త

హన్మకొండలో మా పాత ఇంటి పక్కన ఖాళీ జాగలో రెండు గదులు వేద్దామని మొన్న ఆగస్టులో పని మొదలుపెట్టాం. దసరాకు పూర్తి కావాలని మా అమ్మ పట్టు. మెటీరియల్‌తో సహా 6 లక్షలకు గుత్త మాట్లాడుకున్న మేస్త్రీ (పేరు చెప్పను, గొడవ ఇంకా తెగలేదు) వారం వారం ఏం చేస్తాడో రాసిన కాగితం తెచ్చిచ్చాడు. మొదటి వారం పునాది, రెండో వారం పిల్లర్లు, ప్లింత్ బీమ్, మూడు నాలుగు వారాలు గోడలు, లింటెల్, ఐదో వారం స్లాబ్, ఆరో వారం లోపలి ప్లాస్టరింగ్, ఏడో వారం టైల్స్, ఎనిమిదో వారం రంగులు. చూడ్డానికి ముచ్చటగా ఉంది. సంతకం పెట్టేశాను.

తప్పు ఆ కాగితంలోనే ఉంది. ఐదో వారం శనివారం స్లాబ్ వేస్తే ఆరో వారం సోమవారం లోపల ప్లాస్టరింగ్ ఎలా మొదలవుతుంది? గది నిండా స్లాబ్‌ను మోసే జాకీలు, నెత్తి మీద కాంక్రీట్ పోసిన సెంట్రింగ్ షీట్లు. ఆనుకునే గోడల మధ్య దూరం పదిహేను అడుగుల లోపు ఉన్న స్లాబ్‌కు కింద జాకీలు కనీసం 7 రోజులు ఉండాలని కాంక్రీట్ పనులకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 చెబుతుంది. అదీ ఓపీసీ అనే మామూలు సిమెంటుతో వేసి, నీళ్లు సరిగ్గా కొట్టినప్పటి మాట. మాకు వచ్చినవి పీపీసీ అనే బూడిద కలిపిన సిమెంటు బస్తాలు. అది నెమ్మదిగా బలం పుంజుకుంటుంది కాబట్టి 14 రోజులు ఆగడం మంచిది. అంటే ఆ కాగితంలో రెండు వారాలు అసలు లెక్కలోకే రాలేదు.

స్లాబ్ వేసిన ఎనిమిదో రోజు పొద్దున నేను డ్యూటీకి పోగానే సెంట్రింగ్ వాళ్లు షీట్లు విప్పేశారు. ఫోన్ చేస్తే, "ఏం గాదు సార్, షీట్లు ఇంకో సైట్‌కు పోవాలె, మేం ఎన్ని స్లాబులు వేయలే" అన్నాడు మేస్త్రీ. తర్వాత మా వీధిలో ఉండే ఒక ఇంజనీరు వచ్చి పెద్ద గదిలో రెండు గోడల దగ్గర స్లాబ్‌కు ఆనించి అంగుళం మందం చెక్క ముక్కలు పెట్టి, వాటి మీదుగా దారం బిగించి కట్టాడు. నడిమధ్యలో దారానికీ స్లాబ్‌కూ అంగుళం సందు ఉండాలి కదా, అర అంగుళమే ఉంది. తొందరగా విప్పడం వల్ల దిగిందా, కాంక్రీట్ పోస్తున్నప్పుడే షీట్లు కుంగాయా అన్నది ఇప్పుడు తేల్చలేమన్నాడు. స్లాబ్ వేసే ముందు ఒకసారి, వేసిన సాయంత్రం ఒకసారి షీట్ల కింద ఇలాగే దారం పట్టి చూసి ఉంటే తెలిసేదట.

రెండో దెబ్బ కరెంటు పని. కాగితంలో ఎలక్ట్రీషియన్ పేరు ఏడో వారంలో ఉంది, స్విచ్చులు పెట్టడానికి. కానీ అతను రావాల్సింది స్లాబ్‌కు ముందు రోజు. కింది వరస రాడ్లు కట్టిన తర్వాత ఫ్యాన్ బాక్సులు షీట్ మీద కూర్చోబెట్టి, పైపులు రాడ్లకు కట్టాలి. మాకు గుర్తొచ్చింది స్లాబ్ రోజు పొద్దున, కాంక్రీట్ కలిపే మిల్లర్ తిరగడం మొదలైనాక! పాపం ఆ పిల్లాడు పరుగున వచ్చి గంటలో ఏదో చేశాడు. చిన్న గదిలో బాక్సే పెట్టలేదు. పెద్ద గదిలో బాక్సు పెట్టాడు గానీ పైపు జాయింటు కూలీల కాళ్ల కింద ఊడింది, లోపలికి సిమెంటు పాలు దిగి గట్టిపడింది. వైరు లాగే స్ప్రింగ్ తోస్తే రెండడుగులు పోయి ఆగిపోతోంది. కాంక్రీట్ పోసే ముందు బాక్సుల్లో తడి కాగితం కుక్కి, జాయింట్లకు సొల్యూషన్ పెట్టారో లేదో చూసి, పైపుల ఫొటోలు తీసుకోండి. ఎలక్ట్రీషియన్ "నా పని అయింది, పోసుకోండి" అన్న తర్వాతే మిల్లర్ తిప్పనివ్వండి.

ఇక డబ్బులు. కాగితంలో ప్రతి శనివారం ఇంత అని ఉంది, పని ఎంత అయిందని కాదు. స్లాబ్ పడే నాటికి 4 లక్షల 80 వేలు ఇచ్చేశాం. మిగిలిన లక్షా ఇరవై వేలతో ప్లాస్టరింగ్, టైల్స్, తలుపులు, రంగులు ఎవరు చేస్తారు? మేస్త్రీ పదో వారం నుంచి ఫోన్ ఎత్తడం మానేశాడు. వారానికి ముడిపెట్టకండి. ప్లింత్ బీమ్ అయ్యాక ఇంత, స్లాబ్ పడ్డాక ఇంత, జాకీలు విప్పి దారం పట్టి చూశాక ఇంత అని రాసుకోండి.

మొదటి వారమే 120 బస్తాల సిమెంటు దింపించాడు, అది ఇంకో చోద్యం. మా స్లాబ్ 24 అడుగులకు 12 అడుగులు, 5 అంగుళాల మందం. బీములు కాకుండా 28 బస్తాలు పడతాయి. ఆగస్టు వానకు రేకుల షెడ్డులో అడుగు వరస బస్తాలు రాళ్లయ్యాయి. వేళ్లతో నలిపితే నలగని గడ్డ ఉన్న బస్తాను స్లాబ్‌కు వాడనివ్వకండి.

ప్లాస్టరింగ్ ఇంకో మేస్త్రీతో చేయించాం. పుట్టీ, రంగులు సంక్రాంతి తర్వాతే, గోడలు పూర్తిగా ఆరాలి. చిన్న గదిలో ఫ్యాన్ కోసం స్లాబ్‌కు బోల్టులు బిగించి, వైరు పైనుంచి పట్టీలో తెచ్చాం. దసరాకు వచ్చిన చుట్టాలు ముందు చూసింది ఆ పట్టీనే.