తప్పెటగుళ్లు రికార్డింగ్: దాచడానికి ఏది, ఇవ్వడానికి ఏది?

విజయనగరం, శ్రీకాకుళం ఊళ్లలో తప్పెటగుళ్లు, జముకుల కథ రికార్డు చేసే కుర్రాళ్లు తరచూ అడిగేది ఒకటే: "అన్నా, 320 ఎంపీ3 ఉంటే చాలదా, మళ్లీ ఫ్లాక్ ఎందుకు?"

వినడానికే అయితే చాలు. కానీ ఆ ఫైలుని రేపు ఎవరైనా మళ్లీ ఎన్‌కోడ్ చేస్తారా? నా లెక్కలో ఏది మేలో తేల్చేది ఈ ప్రశ్నే.

తప్పెటగుళ్లే తీసుకోండి. ఛాతీ మీద రేకు తప్పెట మోత, కాళ్లకు గజ్జెలు. ఎంపీ3 శబ్దాన్ని చిన్న ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కలో చెవికి అందదనుకున్నది వదిలేస్తుంది. దానివల్ల పుట్టే రొద ముక్కంతా పరుచుకుంటుంది, అంటే దెబ్బ పడకముందే లీలగా వినిపిస్తుంది. 320లో దీన్ని పట్టుకోవడం కష్టం. 128లో గజ్జెల గలగల నూనెలో వేగుతున్న చప్పుడులా మారుతుంది. 320 ఫైలునే యూట్యూబ్‌లో పెడితే అక్కడ మరోసారి కుదిస్తారు, అందులోంచి ఎవరో వాట్సాప్ ముక్క చేస్తారు. ప్రతిసారీ కొంత పోతుంది, పోయింది తిరిగి రాదు. అందుకే యూట్యూబ్‌కి ఎక్కించేవాళ్లకి, ఎడిటర్‌కి ఏమీ పోని లాస్‌లెస్సే, అంటే వేవో ఫ్లాకో ఇవ్వాలి. ఊళ్లో మైకుసెట్టు పెన్‌డ్రైవ్‌కి మాత్రం 320 ఎంపీ3 ఇవ్వండి, చాలా ఆంప్లిఫయర్లు ఫ్లాక్ చదవవు.

సైజు సంగతి: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్ స్టీరియో వేవ్ గంటకు దాదాపు 1.04 జీబీ. ఫ్లాక్ చేస్తే మామూలుగా మూడో వంతు నుంచి సగం దాకా తగ్గుతుంది, తప్పెటల హోరు ఎక్కువైతే అంత తగ్గదు. 320 ఎంపీ3 గంటకు 144 ఎంబీ.

దాచడానికి వేవా, ఫ్లాకా అంటే నేను ఫ్లాక్ వైపే. శబ్దం రెండింటిలోనూ అక్షరాలా ఒకటే. సైజు కలిసొస్తుంది సరే, అంతకన్నా ముఖ్యం, ఫ్లాక్ తయారయ్యేటప్పుడు అసలు శబ్దం తాలూకు ఎండీ5 గుర్తు మామూలుగా ఫైల్లోనే రాసుకుంటుంది. హార్డ్ డిస్క్‌లో ఏళ్ల తర్వాత ఒక్క బిట్ చెడినా ఈ కమాండ్‌తో బయటపడుతుంది:

```
flac -t tappeta.flac
```

మామూలు వేవ్‌లో అలాంటి గుర్తు ఉండదు, చెడినా టక్ మని ఒక చప్పుడు వినబడేదాకా తెలీదు. పైగా వేవ్‌కి 4 జీబీ హద్దు ఉంది. రాత్రంతా సాగే జముకుల కథ పై లెక్కలో నాలుగు గంటలు దాటగానే రెండో ఫైలుగా తెగుతుంది. రికార్డర్‌లోంచి వచ్చింది వేవే కాబట్టి, ఎడిటింగ్ వేవ్‌లోనే చేసుకుని ఆఖర్న ఫ్లాక్ చేస్తే సరి.

ఏఏసీ, ఆగ్ లాంటివి ఇవ్వడానికి బాగానే ఉంటాయి, దాచడానికి పనికిరావు.

ఎంపీ3ని వేవ్‌గా మార్చి "ఒరిజినల్" అని ఇచ్చేవాళ్లూ ఉన్నారు. ఆడాసిటీలో స్పెక్ట్రోగ్రామ్ తెరిచి చూడండి. గజ్జెలున్న చోట కూడా 16 కిలోహెర్ట్జ్ దగ్గర గీత గీసినట్టు ఆగిపోతే, అది చాలావరకు 128 ఎంపీ3లోంచి వచ్చిందే. రికార్డర్ కార్డులోని ఫైలు అడిగి తీసుకోండి.