జాగ్రత్త: నెల మధ్యలో జీతం పెరిగి, అదే నెలలో ఎల్‌ఓపీ ఉంటే ఈ సాఫ్ట్‌వేర్ చూపే జీతాన్ని నమ్మకండి

చిన్న కంపెనీలకు పేరోల్ సాఫ్ట్‌వేర్ కొనాలని చూస్తున్న అకౌంటెంట్లు, యజమానులు డబ్బు కట్టే ముందు ఇది ఒకసారి చదవండి. హైదరాబాద్‌లో నలభై మంది పనిచేసే ఒక ఫ్యాబ్రికేషన్ యూనిట్‌లో జీతాల లెక్క నేను చూస్తాను. 2025 ఏప్రిల్‌లో ఒక సాఫ్ట్‌వేర్‌కు ఏడాది చందా మొత్తం ముందే కట్టాం. కంపెనీ పేరు ఇక్కడ రాయడం లేదు. ఇదే తప్పు ఇంకో దాంట్లోనూ ఉండవచ్చు కాబట్టి పేరు కన్నా తప్పును ఎలా పట్టుకోవాలో తెలియడం ముఖ్యం.

జూన్ జీతాలు పడిన రెండు రోజులకు మా దగ్గర వెల్డింగ్ చేసే అబ్బాయి పేస్లిప్ పట్టుకుని వచ్చాడు. దాని వెనక పెన్నుతో లెక్క వేసుకున్నాడు. "మేడమ్, నేను నాలుగు రోజులు సెలవు పెట్టింది పాత జీతంలో ఉన్నప్పుడు కదా, కోత మాత్రం కొత్త జీతం లెక్కన ఎందుకు కోశారు?" అని అడిగాడు. పాపకు జ్వరం వచ్చి ఆసుపత్రిలో ఉంటే జూన్ 9 నుంచి 12 వరకు రాలేదు. తర్వాత చెకప్ కోసం 23న ఒక రోజు. సెలవులు మిగల్లేదు కాబట్టి ఐదూ ఎల్‌ఓపీయే, అంటే జీతం రాని రోజులే. మధ్యలో జూన్ 16 నుంచి అతని జీతం 19,500 నుంచి 24,000కు పెరిగింది.

ముందు నేను సాఫ్ట్‌వేర్‌నే నమ్మాను. "సిస్టమ్ లెక్క తప్పదు నాయనా, నువ్వే ఎక్కడో పొరబడి ఉంటావు" అన్నాను. అతను వెళ్లాక కాగితం మీద వేసి చూస్తే అతని లెక్కే కరెక్టు.

మా దగ్గర ఒక రోజు జీతం అంటే నెల జీతాన్ని ఆ నెలలో ఎన్ని రోజులుంటే అన్నిటితో భాగించడం. జూన్‌కు 30. పాత రోజు జీతం 650, కొత్తది 800. పెరగక ముందు 15 రోజుల్లో నాలుగు పోతే 11, పెరిగాక 15 రోజుల్లో ఒకటి పోతే 14.

```
(11 × 650) + (14 × 800) = 7,150 + 11,200 = 18,350
```

సాఫ్ట్‌వేర్ ఏం చేసిందంటే, జీతాన్ని మాత్రం తేదీ ప్రకారం రెండు ముక్కలు చేసింది. 15 రోజులకు 9,750, ఇంకో 15 రోజులకు 12,000, మొత్తం 21,750. ఇంతవరకు బాగానే ఉంది. ఆ తర్వాత ఐదు ఎల్‌ఓపీ రోజులనూ కలిపి ఒకే రేటుతో, అంటే ఉద్యోగి వివరాలుండే మాస్టర్‌లో నెలాఖరుకు ఉన్న జీతం ప్రకారం వచ్చే 800తో గుణించి 4,000 కోసేసింది. మిగిలింది 17,750. నాలుగు రోజులకు రోజుకు 150 చొప్పున 600 రూపాయలు ఎక్కువ కోత పడింది. రాని రోజుకు ఆ రోజు జీతం పోతుంది, సరే. తనకు ఇంకా ఇవ్వడం మొదలుపెట్టని జీతాన్ని అతని దగ్గర కోయడం ఏం న్యాయం?

సపోర్ట్‌కు ఫోన్ చేస్తే మొదట రౌండింగ్ తేడా అన్నారు. రౌండింగ్‌లో పైసలు పోతాయి గానీ 600 పోతుందా? గట్టిగా అడిగితే మూడో రోజు అసలు మాట బయటపడింది. ఎల్‌ఓపీ కోత నెల చివరి జీతం నుంచే తీసుకునేలా వాళ్ల సిస్టమ్ కట్టారట, దాన్ని మార్చే సెట్టింగ్ లేదట.

మరి డెమోలో మాకెందుకు కనిపించలేదని నాకు చాలా బాధేసింది. తర్వాత గుర్తొచ్చింది. డెమో ఇచ్చిన సాఫ్ట్‌వేర్ కంపెనీ మనిషి 16న హైక్ పెట్టి, సెలవులు 20, 21 తేదీల్లో వేసి చూపించాడు. హైక్ తర్వాత సెలవులైతే కొత్త రేటే సరైన రేటు, కాబట్టి ఈ తప్పు లెక్క కూడా సరైన జవాబే ఇస్తుంది. హైక్‌కు ముందు రోజుల్లో ఎల్‌ఓపీ ఉంటేనే తప్పు బయటపడుతుంది. మీరు డెమో చూసేటప్పుడు తేదీలు వాళ్లను వేయనివ్వకండి, మీరే చెప్పి వేయించండి.

అక్కడితో అయిపోలేదు. అదే పేస్లిప్‌లో ఈఎస్ఐ కోత సున్నా అని ఉంది. ఇది నాకు 600 కన్నా ఎక్కువ భయం పుట్టించింది. కొత్త జీతం 21,000 పరిమితి దాటింది కాబట్టి అతను ఈఎస్ఐలో లేడని సాఫ్ట్‌వేర్ జూన్ నుంచే తీసేసింది. 2025 జూన్‌లో ఉన్న రూల్ అది కాదు. ఈఎస్ఐలో చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబర్, అక్టోబర్ నుంచి మార్చి. చందా కాలం మధ్యలో జీతం 21,000 దాటినా ఆ కాలం ముగిసే వరకు అతను సభ్యుడే. అంటే సెప్టెంబర్ 30 వరకు కట్టాలి. అదీ 21,000 మీద కాదు, అతను సంపాదించిన మొత్తం జీతం మీద. జూలైలో పూర్తి నెల పనిచేస్తే 24,000 మీద 0.75 శాతం, 180 రూపాయలు. పాప ఆసుపత్రిలో ఉన్న మనిషికి ఈఎస్ఐ చందా ఆగిపోతే ఎలా ఉంటుందో ఆలోచించండి. ఏప్రిల్-సెప్టెంబర్ చందాలను బట్టే తర్వాతి జనవరి-జూన్ ప్రయోజనాలు నడుస్తాయి.

మూడోది ప్రొఫెషనల్ ట్యాక్స్. తెలంగాణలో 15,001 నుంచి 20,000 వరకు 150, ఆపైన 200. ఆ నెల అతనికి వచ్చింది 18,350 కాబట్టి 150 చాలు. సాఫ్ట్‌వేర్ మాస్టర్‌లోని 24,000 చూసి 200 కోసింది. 50 రూపాయలే, నిజమే. కానీ తప్పు ఎక్కడ పుడుతోందో చూడండి: మూడుసార్లూ వేరే లెక్క చూడాల్సిన చోట మాస్టర్‌లో ఉన్న కొత్త జీతాన్నే చూసింది.

ఇప్పుడు చేతికొచ్చే జీతం. బేసిక్ సగం కాబట్టి పాత రోజు బేసిక్ 325, కొత్తది 400. పదకొండు రోజులకు 3,575, పద్నాలుగు రోజులకు 5,600, కలిపి 9,175. దాని మీద పీఎఫ్ 12 శాతం, 1,101. ఈఎస్ఐ 137.63 వస్తుంది, పై రూపాయికి పెంచి 138. ప్రొఫెషనల్ ట్యాక్స్ 150.

```
18,350 - 1,101 - 138 - 150 = 16,961
17,750 - 1,065 -   0 - 200 = 16,485
```

పైది సరైనది, కిందిది సాఫ్ట్‌వేర్ ఇచ్చినది. తేడా 476. ఈ 476 ఎక్కడిదా అని నేను పేస్లిప్‌లో ఒక పూటంతా వెతికాను. ఏ ఒక్క అంకెతోనూ కలవదు. గ్రాస్‌లో 600 తగ్గింది, అందుకని పీఎఫ్ కూడా 36 తగ్గింది, ఈఎస్ఐ 138 అసలు కోయలేదు, ట్యాక్స్ 50 ఎక్కువ కోసింది. ఒక తప్పును ఇంకో తప్పు కప్పేసింది. అందుకే ఇలాంటి నెలలో చివరి అంకె నుంచి వెనక్కి వెతకొద్దు. ముందు రోజులను రెండు భాగాలుగా లెక్కపెట్టి గ్రాస్ సరిచూసుకుని, తర్వాతే కోతల దగ్గరకు వెళ్లండి.

ఆ వెల్డింగ్ అబ్బాయి వెంటనే అడగబట్టి మేము జూలై 15 లోపు సరిచేసుకోగలిగాం. పీఎఫ్, ఈఎస్ఐ కట్టడానికి అదే గడువు. అతనికి రావాల్సిన 600 జూన్ జీతమే కాబట్టి అందులోంచే కోతలన్నీ సర్ది 476 ఇచ్చాం. కానీ మా సూపర్‌వైజర్ ఒకాయనకు మే మధ్యలో జీతం పెరిగింది. ఆయన ఈఎస్ఐ కూడా అలాగే ఆగిపోయిందని అప్పుడు చూశాం. మే చందా గడువు జూన్ 15నే దాటిపోయింది. ఆలస్యమైన చందాకు ఏడాదికి 12 శాతం వడ్డీ కట్టాలి. పైగా ఒక నెల చందాలో ఉద్యోగి వాటాను ఆ నెల జీతం నుంచే కోయాలి గానీ తర్వాతి నెలల జీతం నుంచి పట్టుకోకూడదు. అందుకని ఆయన వాటా కూడా మా యజమానే భరించారు. సాఫ్ట్‌వేర్ వాళ్లు ఒక్క రూపాయి ఇవ్వలేదు. చట్టం ప్రకారం సరిచూసుకునే బాధ్యత కొన్నవాళ్లదేనని అగ్రిమెంట్‌లో ఉందట. సాఫ్ట్‌వేర్‌కు కట్టిన ఏడాది చందా వాపసు అడిగితే దానికీ కుదరదన్నారు.

ఆరియర్స్ విషయంలో ఇంకో చోట జాగ్రత్త. హైక్ లెటర్ ఆలస్యమై జూలైలో ఇచ్చి జూన్ 16 నుంచి అమలు అంటే, జూన్ జీతం పాత రేటుతో 25 రోజులకు 16,250 ముందే పడి ఉంటుంది. రావాల్సిన 18,350లోంచి అది తీసేస్తే ఆరియర్స్ 2,100. అంటే హైక్ తర్వాత నిజంగా జీతం ఉన్న 14 రోజులు, రోజుకు 150. మా సాఫ్ట్‌వేర్‌లో టెస్ట్‌గా వేసి చూస్తే 2,250 వచ్చింది. 23న పెట్టిన ఎల్‌ఓపీని మర్చిపోయి 15 రోజులకూ తేడా ఇచ్చేసింది. ఒకే మనిషి, ఒకే నెల. లెటర్ ముందొస్తే తక్కువిస్తుంది, ఆలస్యమైతే ఎక్కువిస్తుంది.

మీ దగ్గర ప్రతి నెలకూ 30తోనే భాగించే పద్ధతి ఉంటే 31 రోజుల నెలను కూడా వేయించి చూడండి. 16న హైక్ అయితే ముందు 15, తర్వాత 16, కలిపి ముప్పైలో ముప్పై ఒకటి అవుతుంది, ఒక రోజు జీతం అదనంగా పోతుంది. దాన్ని ఎక్కడ సర్దుతారో ముందే రాతపూర్వకంగా అడగండి. మాది క్యాలెండర్ రోజుల పద్ధతి కాబట్టి ఆ బాధ తప్పింది.

డెమోకు పిలిచినప్పుడు నేను పైన చెప్పిన అంకెలనే ఇవ్వండి: 19,500, 24,000, జూన్ 16, ఎల్‌ఓపీ 9 నుంచి 12, మళ్లీ 23. గ్రాస్ 18,350 రావాలి, 2025 జూన్ నాటి రూల్ ప్రకారం ఈఎస్ఐ 138 కనిపించాలి, జూలైలో కూడా ఈఎస్ఐ ఆగకూడదు. పేస్లిప్‌లో ఎల్‌ఓపీ ఒకే లైన్‌లో 5 రోజులని కాకుండా ఏ రేటున ఎన్ని రోజులో విడిగా చూపిస్తుందో లేదో కూడా చూడండి. అలా చూపిస్తే ఉద్యోగి తనే సరిచూసుకోగలడు. "ఇప్పుడు రాదు, తర్వాతి అప్‌డేట్‌లో వస్తుంది" అంటే ఆ అప్‌డేట్ వచ్చాకే డబ్బు కట్టండి. మాకూ జూలైలో అదే మాట చెప్పారు. ఇప్పటికీ నెల మధ్యలో హైక్ వచ్చిన ప్రతి మనిషి జీతం నేను ఎక్సెల్‌లో విడిగా వేసి, సాఫ్ట్‌వేర్‌లో చేత్తో ఎక్కిస్తున్నాను.