ఒకే మాట, రెండు అర్థాలు: రుతుపవనాల శాతం, రంగుల మ్యాప్

'సాధారణం కంటే ఎక్కువ వాన' అని భారత వాతావరణ శాఖ రెండు విధాలుగా చెబుతుంది.

మొదటిది దేశమంతటికీ ఒకే శాతం. 2024 ఏప్రిల్‌లో, ఆ ఏటి రుతుపవనాల వాన సగటులో 106 శాతం ఉంటుందన్నారు, 5 శాతం అటూఇటూ. సగటు 87 సెంటీమీటర్లు. 105 నుంచి 110 శాతం దాకా ఈ మాట వర్తిస్తుంది. చివరికి 108 పడింది. మీ మండలం గురించి మాత్రం ఇది ఏమీ చెప్పదు.

రెండోది మ్యాప్. ఆరంభ పరిస్థితులను కొద్దికొద్దిగా మారుస్తూ కంప్యూటర్‌లో వాతావరణ మోడళ్లను పలుమార్లు నడుపుతారు. గత ఏళ్ల వానలను తక్కువ, మధ్య, ఎక్కువ అని మూడు సమాన భాగాలు చేసి, ఎన్ని ఫలితాలు పై భాగంలో పడ్డాయో చూసి, ఆ శాతాన్ని మ్యాప్‌లో రంగులతో చూపిస్తారు. ఏ సూచనా లేకపోతే ఒక్కోదానికి 33 శాతం. మీ చోట 45 ఉంటే వాన 45 శాతం ఎక్కువని కాదు. పై భాగానికి చేరని అవకాశం ఇంకా 55. విత్తనం ఎంచుకునేవారికి ఈ మ్యాపే నయం, కానీ మధ్యలో ఎన్నాళ్లు వాన ముఖం చాటేస్తుందో ఇదీ చెప్పలేదు.