డెమో డేకి ఐదు వాక్యాల సారాంశం, రెండు నిమిషాల పిచ్: ఏళ్ల తరబడి వాడాక ఎలా ఉంది?

ఫైనల్ ఇయర్ బ్యాచ్‌లకు మేం ఏటా ఇచ్చే నమూనా ఇది. సారాంశం ఐదే వాక్యాలు: ఇబ్బంది ఎవరిది, ఇప్పుడు వాళ్లేం చేస్తున్నారు, మేం ఏం తయారుచేశాం, ఎంత సరిగ్గా పనిచేసింది, ఎక్కడ పనిచేయదు. అదే వరసలో రెండు నిమిషాల పిచ్. హార్డ్‌వేర్ ప్రాజెక్టులకైతే కళ్లు మూసుకుని వాడొచ్చు. మిగతావాటి సంగతి చివర్లో చెబుతాను.

భీమవరం చుట్టుపక్కల ఏటా ఏదో ఒక బ్యాచ్ ఎంచుకునే ప్రాజెక్టునే తీసుకుందాం: రొయ్యల చెరువులో నీటిలో కరిగిన ఆక్సిజన్, అంటే డీఓ, కొలిచి హెచ్చరించే పరికరం. చాలామంది రిపోర్టులోని అబ్‌స్ట్రాక్ట్‌నే ఎత్తి పోస్టరు మీద పెట్టేస్తారు. అది ‘ఇటీవలి కాలంలో ఆక్వా రంగం వేగంగా అభివృద్ధి చెందుతోంది’ అని మొదలవుతుంది. చెరువులు చూస్తూ పెరిగిన జడ్జికి ఆ ముక్క చెప్పక్కర్లేదు. చెరువు చూడని జడ్జికి దానివల్ల తెలిసేదీ లేదు.

ఈ నమూనాలో మొదటి వాక్యం ఇలా ఉంటుంది: ‘రాత్రంతా నాచు, రొయ్యలు ఆక్సిజన్ వాడేస్తాయి కాబట్టి తెల్లవారుజామున చెరువులో డీఓ అట్టడుగుకు పడిపోతుంది, లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే తగ్గితే రొయ్యకు కష్టం.’ రెండోది: ‘రైతు ఇప్పుడు అంచనా మీద రాత్రంతా ఏరేటర్లు తిప్పుతున్నాడు, లేదా మనిషి లేచి మీటరు ముంచుతున్నాడు.’ ఈ రెండూ చదివిన జడ్జి ‘ఇది ఎవరికి పనికొస్తుంది’ అని అడగడు.

నాలుగో వాక్యం దగ్గరే మార్కులు పోతాయి. ‘98 శాతం ఖచ్చితత్వం’ అని రాస్తే, దేంట్లో 98 శాతం అన్న ప్రశ్న ఖాయం. సెన్సరుకు శాతం కంటే తేడా రాయడం మేలు: దేనితో పోల్చారు, ఎన్నిసార్లు, ఎంత తేడా వచ్చింది. ‘చేతి మీటరుతో 40 సార్లు పోల్చాం, తేడా ఎప్పుడూ 0.5 మిల్లీగ్రాములు దాటలేదు’ అన్నారనుకోండి. అప్పుడు అలారం 4 దగ్గర పెట్టకూడదు. తెర మీద 4 కనిపించేటప్పటికి నీటిలో 3.5 ఉండొచ్చు. అందుకే 4.5 దగ్గర పెట్టామని ఒక్క ముక్క కలిపితే, ఆ అంకె అర్థమయ్యే రాశారని జడ్జికి తెలిసిపోతుంది. మీ సొంత కొలతలు ఏవైతే అవే రాయండి. పోల్చి చూడకపోతే చూడలేదనే రాయండి.

ఐదో వాక్యం రాయడానికి పిల్లలు భయపడతారు. ‘ప్రోబ్ పొర మీద పాచి పడితే రీడింగు పక్కకు జరుగుతుంది, తరచూ తుడిచి మళ్లీ క్యాలిబ్రేట్ చేయాలి’ అని మనమే రాసేస్తే, ఆక్వా తెలిసిన జడ్జి అడగబోయే మొదటి ప్రశ్నకు జవాబు ముందే సిద్ధం.

ఇక పిచ్. రెండు నిమిషాలంటే తెలుగులో సుమారు 180 మాటలు. అది దాటితే పరుగెత్తాల్సిందే. నలుగురూ తలా ఒక ముక్క చెప్పే పద్ధతి మాకు నచ్చలేదు, మైకు చేతులు మారడానికే బోలెడు టైము పోతుంది. ఒకరు మాట్లాడాలి, ఒకరు పరికరం చూసుకోవాలి, మిగతా ఇద్దరూ ప్రశ్నలకు ఉండాలి.

డెమోను మాటలకు జత చేయడంలోనే ఈ నమూనా బలం కనిపిస్తుంది. టేబుల్ మీద డీఓ పడిపోవడం చూపించడానికి 100 మిల్లీలీటర్ల నీటిలో 2 గ్రాముల సోడియం సల్ఫైట్ కలిపితే చాలు, నీటిలోని ఆక్సిజన్‌ను అది తినేస్తుంది. అయితే పొర ఉన్న ప్రోబ్ వెంటనే స్పందించదు, పూర్తిగా దిగడానికి నిమిషం పైనే పట్టొచ్చు. కాబట్టి ‘నమస్కారం’ అంటూనే ప్రోబ్ ముంచేయాలి. మూడో వాక్యం నడుస్తుండగా బజరు మోగాలి. ముందురోజే గడియారం పెట్టుకుని, అదే గ్లాసు, అంతే నీటితో చూసుకోండి. ద్రావణం మాత్రం ఆరోజే కలపాలి, గాలి తగిలి నిలవుంటే పస తగ్గుతుంది. ఒక బృందం ముందు చూపాక ప్రోబ్‌ను మంచినీళ్లతో బాగా కడగకపోతే, తర్వాతి జడ్జికి మొదటి నుంచే తక్కువ రీడింగు చూపిస్తుంది. బజరు బదులు ఎస్‌ఎంఎస్ మీద ఆధారపడటం దండగ. హాలు నిండా ఫోన్లుంటే అది ఎప్పుడొస్తుందో చెప్పలేం.

సిమ్యులేషన్, అల్గారిథమ్ ప్రాజెక్టులకు ఈ నమూనా అంత కుదరదు. వాటిలో రెండో వాక్యం, అంటే ‘ఇప్పుడేం చేస్తున్నారు’ అన్నది, పాత పద్ధతి పేరుగా మిగిలిపోతుంది. అలాంటప్పుడు ఒకే ఇన్‌పుట్‌ను పాత పద్ధతికీ మీ పద్ధతికీ ఇచ్చి, రెండు ఫలితాలూ పక్కపక్కన చూపించి, పిచ్‌ను అక్కణ్నుంచే మొదలుపెట్టమంటున్నాం.