జీన్స్ లైనులో స్కిల్ బోర్డు: మూడేళ్లు వాడిన తర్వాత

రాయదుర్గంలోని ఒక జీన్స్ కుట్టు యూనిట్‌లో లైన్ సూపర్‌వైజరుగా పనిచేస్తున్న నేను, ఉదయం ప్లాన్ కాగితం చదివాక ఎవరిని ఏ మిషను మీద కూర్చోబెట్టాలో నిర్ణయించడానికి మూడేళ్లుగా స్కిల్ బోర్డునే వాడుతున్నాను. బోర్డు మీద అడ్డంగా ఆపరేషన్లు, నిలువుగా ఆపరేటర్ల పేర్లు, ప్రతి గడిలో నాలుగు భాగాల వృత్తం ఉంటాయి. పావు నిండితే నేర్చుకుంటున్నారని, సగమైతే ఎవరైనా కనిపెట్టుకొని ఉండాలని, ముప్పావైతే టార్గెట్ వేగం అందుకుంటారని, పూర్తిగా నిండితే ఇతరులకు నేర్పగలరని అర్థం.

దీని విలువ నాకు బాగా తెలిసింది, వెనుక జేబులు కుట్టే ఇద్దరిలో ఒకరు రాని రోజున. ప్లాన్ 8 గంటలకు 360 ప్యాంట్లు, అంటే గంటకు 45. ఒక ప్యాంటుకు రెండు జేబులూ కుట్టడానికి 150 సెకన్లు పడుతుంది కాబట్టి ఒకరు గంటకు 24 మాత్రమే ఇవ్వగలరు. బోర్డులో ఆ గడి సగం నిండిన మరో ఆపరేటరు లూప్ పట్టీ మిషను మీద ఉన్నారు. ఆ రోజుకు కావలసిన లూపులు ముందురోజు సాయంత్రమే సిద్ధం కావడంతో ఆమెను జేబులకు మార్చాను. ఆమెకు 200 సెకన్లు పట్టేది, అంటే గంటకు 18. మొదటి గంటలో ఇద్దరిదీ కలిపి 42 వచ్చాయి, వాటిలో 6 ప్యాంట్లు జేబులు వంకరపోయి ఆల్టరేషనుకు తిరిగొచ్చాయి, అంటే మిగిలింది 36.

జేబు మిషను ముందు కట్టలు పేరుకోవడం, తర్వాతి మిషను వాళ్లు చేతులు కట్టుకొని కూర్చోవడం చూశాకే అసలు దారి తోచింది. ఆ 150 సెకన్లలో 30 సెకన్లు జేబు స్థానాన్ని సుద్దతో గుర్తించడానికే పోతున్నాయి. ఆ పనిని అట్ట నమూనా ఇచ్చి హెల్పరుకు అప్పగించగానే ఒకరు గంటకు 30, మరొకరు 21 చొప్పున ఇచ్చారు. అయినా సాయంత్రానికి 351 మాత్రమే వచ్చాయి, ఎందుకంటే జేబుల తర్వాత వచ్చే నడుము పట్టీ మిషను గంటకు 45కు మించి తీయలేదు. మొదటి గంటలో పోయిన 9 ప్యాంట్లను మిగిలిన 7 గంటలూ పూడ్చలేకపోయాయి.

బోర్డు లోపాలు కూడా నేను చూశాను. పలుచని బట్ట మీద ముప్పావు సంపాదించిన ఆపరేటరు మందపు డెనిమ్ వచ్చేసరికి సగానికి పడిపోతారు, ఆ తేడా వృత్తంలో కనిపించదు. మొదటి ఏడాది నేను అంచనాతోనే వృత్తాలు నింపేవాణ్ణి. ఇప్పుడు వరుసగా రెండు రోజులు గంటగంటకూ లెక్కపెట్టి, ఆల్టరేషన్లు తీసివేసి, బట్ట రకమూ తేదీ గడిలో రాసిన తర్వాతే నింపుతున్నాను. ఇంకొకటి నన్ను నిజంగా బాధపెట్టింది: వృత్తాలు ఎక్కువ నిండిన ఆపరేటరునే ప్రతిసారీ ఖాళీ మిషనుకు పంపడం వల్ల ఆమెకు సొంత మిషను మీద వేగం తగ్గి, ఇన్సెంటివ్ పోయింది. అందుకే ఇప్పుడు మార్చిన గంటలను బోర్డు అంచున విడిగా రాసి, ఒకే మనిషిని వారంలో రెండుసార్లకు మించి కదపడం లేదు.